సగటు మార్కులు 54 నుంచి 71కి: పిల్లలకు లెక్కలు వచ్చాయా, పేపరు అలవాటైందా? తేల్చేదెలా?

లెక్కల_టీచర్
మూడేళ్లలో బయటివాళ్లు పెట్టే పరీక్షలో మా లెక్కల సగటు 54 నుంచి 71కి పెరిగింది. కానీ పై తరగతి టీచర్లు మాత్రం "పిల్లలు ముందు ఎలా వచ్చేవారో ఇప్పుడూ అలాగే వస్తున్నారు" అంటున్నారు. కాపీయింగ్ లేదు, పేపర్లు దిద్దేది బయటివాళ్లు, సిలబస్ మారలేదు. కాబట్టి ఆ అనుమానాలు పక్కన పెట్టండి. పాఠం మెరుగుపడిందా, లేక పేపరు తీరుకు పిల్లల్ని తర్ఫీదు చేశామా అన్నది బడి స్థాయిలోనే విడదీసి చూసే పద్ధతి ఏదైనా ఉందా? పరీక్షలు మంచివా చెడ్డవా అనే వాదన వద్దు, దయచేసి.

సూటిగా
దీంట్లో సమస్య ఏముందండీ? సిలబస్‌లో ఉన్నదే పరీక్షలో అడుగుతారు. పరీక్షలో అడిగేది నేర్పితే సిలబస్ నేర్పినట్టే కదా. మంచి పరీక్ష అయితే దానికోసం చెప్పడం మంచి బోధనే. 17 మార్కులు ఊరికే పెరగవు. పై తరగతి టీచర్లు ఎప్పుడూ కింది తరగతి వాళ్ల మీదే చెబుతారు, అది పట్టించుకోవద్దు.

కొలబద్ద
సూటిగా గారు చెప్పినదాంట్లో సగం నిజం. సిలబస్‌లో ఉన్నదే పరీక్షలో వస్తుంది, కానీ సిలబస్‌లో ఉన్నదంతా రాదు. రెండున్నర గంటల పేపరులో ఒక ఏడాది చదువంతా పట్టదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, పరీక్ష కొంత చూసి మిగతాది అంచనా వేస్తుంది. ఏ మెతుకు పట్టి చూస్తారో వంటవాడికి ముందే తెలిసి దాన్ని మాత్రమే ఉడికిస్తే, మెతుకు ఉడికిన మాట నిజమే, అన్నం సంగతి మాత్రం తెలియదు. మార్కు అబద్ధం కాదు, ఆ మార్కు నుంచి మనం తీసే అంచనా తప్పుతుంది.

చాలామంది దీన్ని చాప్టర్ల వ్యవహారం అనుకుంటారు: ఈ చాప్టరు వస్తుంది, అది రాదు అని. బోధన అసలు సన్నబడేది చాప్టరు లోపల. పైథాగరస్ సిద్ధాంతమే తీసుకోండి. ప్రశ్న ఏటా వస్తుంది. అయితే ఎలా వస్తుంది? బొమ్మ గీసి ఇస్తారు, లంబకోణం ఎడమవైపు కింద మూలలో ఉంటుంది, భుజాలు 6, 8 అనో 5, 12 అనో ఇచ్చి కర్ణం అడుగుతారు. దిద్దేటప్పుడు వర్గమూలాల గొడవ లేకుండా జవాబు పూర్ణసంఖ్య రావాలని పేపరు తయారుచేసేవాళ్ల కోరిక. అందుకని అవే సంఖ్యలు తిరిగి తిరిగి వస్తాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు పదో తరగతి పరీక్షకు అచ్చయిన ఒక తర్ఫీదు పుస్తకం అయితే 3:4:5, 5:12:13 అనే రెండు నిష్పత్తులు గుర్తుపెట్టుకుంటే చాలని నేరుగా సలహా ఇచ్చింది. చదువు పెరగకుండా మార్కులు మాత్రమే పెరగడం, అంటే మార్కుల ఉబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకుడు డేనియల్ కొరెట్జ్ దీన్ని ఉదాహరణగా చూపిస్తాడు.

ఇలా నేర్చిన పిల్లవాడికి 6, 8 కనబడగానే చెయ్యి 10 రాసేస్తుంది. అదే చాప్టరు, అదే సిద్ధాంతం, పూర్తి మార్కులు. భుజాలు 5, 7 ఇవ్వండి, జవాబు √74 అని రాయడానికి భయపడతాడు. లంబకోణం లేని త్రిభుజంలో 6, 8 ఇచ్చి మూడో భుజం చెప్పగలమా అని అడగండి, మళ్లీ 10 అంటాడు. నాకు కావలసిన సమాచారమంతా ఆ 10లో ఉంది.

రేపటి_పరీక్ష
సార్ చాలా ఉపయోగపడే థ్రెడ్. పైథాగరస్ గ్యారంటీ అని రాసుకున్నాను. ఇలాగే ఏటా తప్పకుండా వచ్చేవి ఇంకేమున్నాయో, ఏ చాప్టర్లు వదిలేసినా పర్లేదో లిస్టు పెట్టగలరా?

హెడ్మాస్టర్_గది
@రేపటి_పరీక్ష బాబూ, ఈ థ్రెడ్ మొత్తం ఆ లిస్టు వల్ల వచ్చే తంటా గురించే. ముఖ్యమైన ప్రశ్నల థ్రెడ్ వేరే విభాగంలో ఉంటుంది, చూసుకో.

లెక్కల_టీచర్
@కొలబద్ద సరిగ్గా నా అనుమానం ఇదే. దీన్ని ఒకరిద్దరు పిల్లల మీద కాకుండా తరగతి మొత్తం మీద ఎలా కొలవాలి?

కొలబద్ద
ముందు పాత పేపర్లు ముందేసుకోండి, కనీసం ఐదేళ్లవి. ఒక పట్టిక గీయండి. నిలువున సిలబస్ అంశాలు, అడ్డంగా సంవత్సరాలు. గడిలో టిక్కు పెట్టి ఊరుకోవద్దు. ప్రశ్న ఏ రూపంలో వచ్చిందో రాయండి: బొమ్మ ఇచ్చారా, మాటల్లో చెప్పారా, పట్టిక ఇచ్చారా; ఎలాంటి సంఖ్యలు; ఏది ఇచ్చి ఏది అడిగారు. ఒక పూట పని. ఐదేళ్లలో నాలుగేళ్లు ఒకే రూపంలో వచ్చిన అంశాలు ఇట్టే బయటపడతాయి. వాటినే మూసలు అందాం.

వాటిలో ఆరు తీసుకోండి. ఒక్కోదానికి రెండు ప్రశ్నలు రాయండి. ఒకటి పాత మూసలోనే, సంఖ్యలు మార్చి. రెండోది అదే భావన, అదే పాఠ్యపుస్తకం పరిధి, రూపం మాత్రం వేరు; దాన్ని బయటి ప్రశ్న అందాం. ఉదాహరణకు వైశాల్యంలో మూస ప్రశ్న పొడవు వెడల్పులు ఇచ్చి వైశాల్యం అడగడం. బయటి ప్రశ్నలో గళ్ల కాగితం మీద దీర్ఘచతురస్రం గీసి ఇస్తారు, గళ్లు లెక్కపెట్టుకుని పొడవు వెడల్పులు పిల్లవాడే తెలుసుకోవాలి.

ఇప్పుడు రెండు పేపర్లు చేయండి. మొదటి పేపరులో 1, 2, 3 అంశాలకు మూస ప్రశ్నలు, 4, 5, 6కు బయటి ప్రశ్నలు. రెండో పేపరులో దీనికి తిరగేసి. పక్కపక్కన కూర్చున్నవాళ్లకు వేర్వేరు పేపర్లు. ఇలా ఎందుకంటే, ఒకే పిల్లవాడికి ఒకే అంశం మీద రెండు ప్రశ్నలూ ఇస్తే మొదటిది రెండోదానికి సూచన అయిపోతుంది. ఆరు ప్రశ్నలకు ముప్పై నిమిషాలు చాలు. ముందుగా చెప్పొద్దు, మార్కులు రిజిస్టరులో ఎక్కించొద్దు. ఎక్కిస్తారని తెలిస్తే వచ్చే ఏడు దీనికీ గైడు తయారవుతుంది.

నలభై మంది ఉన్న ఒక్క సెక్షన్‌లో చేస్తే ఒక్కో పేపరు ఇరవై మందికే వెళుతుంది. ఒక్క పిల్లవాడి జవాబుకే 5 శాతం అటూ ఇటూ అవుతుంది. వీలైతే మూడు నాలుగు సెక్షన్లు కలపండి. అప్పటికీ ప్రశ్నవారీ తేడాలను నమ్మకుండా మొత్తం మీద మూస శాతం, బయటి శాతం మాత్రమే చూడండి.

లెక్కల_టీచర్
ఒక చిక్కు కనిపిస్తోంది. శాతాల్లో మూస ప్రశ్న "800కు 15 శాతం ఎంత". నేను రాసిన బయటి ప్రశ్న "15 శాతం తగ్గించాక ధర 680 అయింది, అసలు ధర ఎంత". రెండోది తర్ఫీదు ఉన్నా లేకపోయినా కష్టమే కదా? దాంట్లో పిల్లలు తప్పితే అది అలవాటు వల్లనా, కష్టం వల్లనా?

కొలబద్ద
సరిగ్గా పట్టుకున్నారు. ఇలాంటి పరీక్షలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. వెనక్కి వెళ్లే ప్రశ్న రూపం మారిన ప్రశ్న కాదు, మరో మెట్టు పైనున్న ప్రశ్న. దాన్ని తీసేయండి. దాని బదులు అదే 15 శాతాన్ని పట్టికలోంచి చదివి లెక్కకట్టమని ఇవ్వొచ్చు.

అయినా కష్టంలో కొంత తేడా మిగులుతుంది. దాన్ని తీసేయడానికి పోలిక కావాలి. అదే పాఠ్యపుస్తకం చదివి, ఈ పేపరు తర్ఫీదు మాత్రం తీసుకోని పిల్లల గుంపు ఒకటి వెతకండి. వేరే పరీక్షకు వెళ్లే బడి కావచ్చు, తర్ఫీదు ఇంకా మొదలుకాని ఏడాది మొదట్లోని తరగతి కావచ్చు. వాళ్లకూ ఇవే పేపర్లు ఇవ్వండి.

అంకెలు కల్పించి చెబుతాను, లెక్క అర్థం కావడానికి. మీ పిల్లలు మూస ప్రశ్నల్లో 78 శాతం, బయటి ప్రశ్నల్లో 46 శాతం సరిగ్గా చేశారనుకోండి. తేడా 32. పోలిక గుంపు మూసలో 61, బయట 49 చేసింది. అక్కడ తేడా 12. ఆ 12 ప్రశ్నల కష్టంలో ఉన్న తేడా. మీ 32లోంచి అది తీసేస్తే మిగిలిన 20 పేపరు అలవాటు. ఇంకో సంగతి చూడండి: బయటి ప్రశ్నల్లో మీవాళ్లు 46, వాళ్లు 49. అంటే మూస దాటితే మీవాళ్లకు అదనంగా వచ్చిందేమీ లేదు. అలా కాక మీవాళ్లు బయట కూడా 60 చేస్తే, అలవాటుతోపాటు అసలు చదువూ పెరిగిందని అర్థం. నిజానికి చాలాచోట్ల రెండూ కలిసే ఉంటాయి.

సూటిగా
ఇది కాగితం మీద బాగుంది. నిజంగా ఎక్కడైనా ఇలా తేలిందా, లేక ఊహా?

కొలబద్ద
తేలింది. అమెరికాలో పేరు చెప్పని ఒక జిల్లాలో కొరెట్జ్, మరికొందరు కలిసి చూసి 1991లో ఫలితాలు బయటపెట్టారు. ఆ జిల్లా ఒక పరీక్ష మానేసి మరోటి మొదలుపెట్టింది. మొదటి ఏడాది మూడో తరగతి లెక్కల మార్కులు సుమారు అర్ధ సంవత్సరం చదువంత పడిపోయాయి. నాలుగేళ్లలో మళ్లీ పాత ఎత్తుకు చేరాయి. అందరూ సంతోషించే సమయానికి పరిశోధకులు కొన్ని తరగతులకు ఆ పాత పరీక్ష పెట్టారు. అందులో మార్కులు సుమారు అంతే తగ్గాయి. పిల్లల చదువు పెరగలేదు, ఒక పేపరు అలవాటు పోయి మరో పేపరు అలవాటు వచ్చింది.

1990లలో కెంటకీలోనూ అంతే. రాష్ట్ర పరీక్షలో నాలుగో తరగతి పఠనం మార్కులు రెండేళ్లలో బాగా ఎగిశాయి. జాతీయ స్థాయి సర్వే పరీక్ష నేప్‌లో మాత్రం కదలిక లేదు. నేప్‌ను ఎందుకు నమ్ముతారంటే దాని మీద ఏ టీచరు ఉద్యోగమూ ఆధారపడదు, ఒక్కో పిల్లవాడికి మొత్తం ప్రశ్నల్లో చిన్న భాగమే వస్తుంది. ఏ భాగం వస్తుందో తెలియనప్పుడు దేనికి తర్ఫీదు ఇస్తారు?

రేవతి_సైన్స్
మీరంతా లెక్కల లోపలే తిరుగుతున్నారు. పరీక్షలో లెక్కకు రాని సబ్జెక్టుల గతి ఏమిటి? మా సైన్స్ పీరియడ్లు వారానికి ఐదు నుంచి మూడుకు తగ్గించి ఆ రెండూ లెక్కలకు ఇచ్చారు. ప్రయోగాల గది తాళం తీసే సందర్భమే లేదు. లెక్కల టీచర్ గారి 71లో మా రెండు పీరియడ్లూ ఉన్నాయేమో, అదీ లెక్కకట్టండి.

కొలబద్ద
రేవతి గారు అడిగింది ఈ థ్రెడ్‌లో లేని ప్రశ్న, కానీ ఉండాల్సిన ప్రశ్న. అమెరికాలో 2002లో చదవడం, లెక్కలు రెండింటి మీదే బడులను నిలదీసే చట్టం వచ్చాక సెంటర్ ఆన్ ఎడ్యుకేషన్ పాలసీ 2007లో సర్వే చేసింది. 62 శాతం జిల్లాలు ప్రాథమిక తరగతుల్లో ఆ రెండింటికో, వాటిలో ఒకదానికో సమయం పెంచామన్నాయి, 44 శాతం అందుకోసం మిగతా సబ్జెక్టుల సమయం కోశామన్నాయి. అక్కడ కనీసం పీరియడ్ల పట్టిక చూస్తే విషయం తెలుస్తుంది. చాప్టరు లోపల సన్నబడడం ఏ పట్టికలోనూ కనబడదు, అందుకే ముందు దాని గురించి రాశాను.

మీ బడిలో చూడాలంటే మూడేళ్ల టైంటేబుళ్లు, ప్రయోగశాల సామాను రిజిస్టరు పక్కపక్కన పెట్టండి. టైంటేబుల్లో ప్రాక్టికల్ అని ఉండి, రసాయనాలు ఖర్చు కాలేదంటే ఆ పీరియడ్‌లో ఏం జరిగిందో అడగక్కర్లేదు. లెక్కల 17లో మీ రెండు పీరియడ్ల వాటా ఎంతో మాత్రం ఈ పద్ధతితో విడదీయలేం.

పాత_పుస్తకం
ఇదేమీ కొత్త జబ్బు కాదు. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అనే మంత్రి ఫలితాన్ని బట్టి చెల్లింపు పెట్టాడు. హాజరుకు తలకు 4 షిల్లింగులు, పరీక్షకు 8 షిల్లింగులు. చదవడం, రాయడం, లెక్కలు, ఈ మూడింటిలో ఒక్కోటి తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పుస్తకం చదవమనేవాడు. ఆ పుస్తకం ఏదో ముందే తెలుసు కాబట్టి పిల్లలు దాన్ని బట్టీ పట్టేశారు. కవి మాథ్యూ ఆర్నాల్డ్ అప్పట్లో ఇన్‌స్పెక్టరే, ఈ పద్ధతి బడుల్లో యాంత్రికతను పెంచిందని తన నివేదికల్లోనే రాశాడు. భూగోళం, చరిత్ర మూలన పడేసరికి 1867లో వాటికి అదనపు గ్రాంటు పెట్టారు. అంటే రేవతి గారి ఫిర్యాదుకు అప్పటి ప్రభుత్వం ఇచ్చిన జవాబు, వాటికీ పరీక్ష పెట్టడం! 1890లలో గానీ ఆ పద్ధతి పూర్తిగా పోలేదు.

హెడ్మాస్టర్_గది
మీరు టీచర్ల మీద పెడుతున్నారు, టీచరుకు పైనుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎంతమంది పాసయ్యారు? పాస్ గీత 35 అనుకోండి. 20 వచ్చే పిల్లవాడిని 30కి తెస్తే బడి లెక్కలో సున్నా. 33 వచ్చేవాడిని 36కి తెస్తే ఒక పాస్. 80 వచ్చేవాడిని 90కి తెచ్చినా సున్నానే. ఉన్న సాయంత్రపు అదనపు క్లాసు ఎవరికి పెడతాం? గీత కింద రెండు మూడు మార్కుల దూరంలో ఉన్నవాళ్లకే. ఇది టీచరు గుణం కాదు, కూడికలు తీసివేతలు.

కొలబద్ద
దీనికీ ఆధారం ఉంది. షికాగోలో డెరెక్ నీల్, డయాన్ షాన్జెన్‌బాక్ ఇద్దరూ చూస్తే, గీత దగ్గరున్న మధ్య పిల్లల మార్కులు పెరిగాయి, కింది 20 శాతం పిల్లలకు లాభం కనబడలేదు. లెక్కల_టీచర్ గారూ, మీ 54, 71 సగటు పక్కన పెట్టి మార్కులను ఐదేసి చొప్పున విడదీసి మూడేళ్లవీ చూడండి. గీత కింద 30-34 దొంతర ఖాళీ అయి 35-39లో గుట్ట పడి, 20ల దొంతరలు మాత్రం కదలకపోతే అర్థం అదే. బయటి ప్రశ్నల పేపరు కూడా ఆ గీత దాటిన పిల్లలకు విడిగా చూడండి. ఉబ్బు ఎక్కువగా అక్కడే దొరకొచ్చు.

సూటిగా
అయితే పాస్ గీత తీసేసి ప్రతి పిల్లవాడి పెరుగుదలను కొలిస్తే సరిపోతుంది. అదే పరిష్కారం.

హెడ్మాస్టర్_గది
ఇంగ్లండులో అదే చేశారు. ఐదు సబ్జెక్టుల్లో సి గానీ అంతకు మించిన గ్రేడు గానీ వచ్చినవాళ్ల శాతాన్ని పక్కన పెట్టి, 2016 నుంచి ఎనిమిది సబ్జెక్టుల్లో ప్రతి గ్రేడూ లెక్కకు వచ్చే పద్ధతి తెచ్చారు. గీత దగ్గరి పిల్లల మీదే పడే ఒత్తిడికి కారణం చాలావరకు పోయింది. వెంటనే బడులు ఎనిమిది గళ్లు నింపడానికి తక్కువ రోజుల్లో చెప్పగలిగే కంప్యూటరు అర్హత పత్రం ఒకటి పట్టుకుని పిల్లల్ని గుంపులుగా దాంట్లో కూర్చోబెట్టాయి. 2018 లెక్కల్లోంచి దాన్ని తీసేయాల్సి వచ్చింది.

సూటిగా
సరే, అది ఒప్పుకుంటాను. మరి పేపరు తయారుచేసేవాళ్లే మూసలు మార్చేస్తే? ఏటా రూపం మారితే తర్ఫీదు ఇచ్చేదేముంటుంది?

కొలబద్ద
దారి అదే. కానీ ఖర్చుంది. రూపం మార్చిన ప్రశ్నలు ఎంత కష్టమో ముందే పిల్లల మీద పెట్టి చూడాలి. లేకపోతే ఒక ఏడు పేపరు తేలిక, మరో ఏడు కష్టం అయి మార్కులు ఏ ఏటికి ఆ ఏడు ఊగుతాయి. ప్రశ్నలు బయటికి పొక్కకూడదు, అంటే అయిపోయిన పేపర్లన్నీ ప్రకటించడం కుదరదు.

లెక్కల_టీచర్
నాకు ఇక్కడే అభ్యంతరం. పాత పేపర్లు దాచేస్తే నష్టపోయేది ఎవరు? ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లవాడికి పరీక్ష ఎలా ఉంటుందో తెలిసే దారి ఆ పాత పేపర్లే. డబ్బున్నవాళ్లు ఏదో రకంగా సంపాదించుకుంటారు.

కొలబద్ద
ఆ మాట కాదనలేను. మధ్యేమార్గంగా, పేపరులో ఎక్కువ ప్రశ్నలు తెలిసిన రూపంలో ఉంచి, కొన్ని మాత్రం ఏటా మారేవి, మార్కుల్లో కలపనివి పెట్టి, రెండింటి తేడాతో ఉబ్బును ఎప్పటికప్పుడు కొలవాలని కొరెట్జ్ ప్రతిపాదించాడు. మీ ఆరు ప్రశ్నల పేపరు దాని చిన్న రూపమే. మార్కులు లేవని తెలిస్తే పిల్లలు ఆ ప్రశ్నలు వదిలేస్తారేమో, ఏవి అవో టీచర్లు పసిగడతారేమో అనే అనుమానాలు నాకూ ఉన్నాయి.

రేవతి_సైన్స్
అసలు విషయం ఎవరూ అడగలేదు. తేడా 20 వచ్చిందే అనుకుందాం, లెక్కల_టీచర్ గారు అప్పుడు ఏం చేస్తారు? ఆ కాగితం పైవాళ్లకు చూపిస్తే 71 మీద మచ్చ పడుతుంది.

లెక్కల_టీచర్
సెక్షన్లవారీగా, టీచర్ల పేర్లతో అయితే ఎవరికీ చూపించను. అలా చూపిస్తే వచ్చే ఏడు ఈ పేపరుకే తర్ఫీదు మొదలవుతుంది. ఆరు అంశాలూ కలిపి వచ్చిన తేడాను మాత్రం లెక్కల టీచర్లందరి ముందూ పెట్టి, ఆ అంశాలకు క్లాసులో ఇచ్చే అభ్యాసంలో మూడో వంతు బయటి రూపంలో ఉండాలని అడుగుతాను. పాత పేపర్ల పట్టిక ఈ రాత్రి మొదలుపెడుతున్నాను. పోలిక గుంపు దొరకడమే కష్టంగా ఉంది; ఇక్కడ తర్ఫీదు లేని బడి అంటూ ఉందా అసలు?

కొలబద్ద
దొరక్కపోతే మీ బడిలోనే కింది తరగతిని ఏడాది చివర్లో తీసుకోండి, ఆ ఆరింటిలో వాళ్లకు చెప్పేసిన అంశాలు ఉంటే. నాలుగు దొరికినా నడుస్తుంది, మూడైతే వద్దు.